ఈ విద్యార్థిని ఎవరు తెచ్చారు?

విజయవాడలో ట్యాలీ, జీఎస్టీ అకౌంటింగ్ నేర్పే టీచరు ఒకామె కరోనా రోజుల్లో కోచింగ్ సెంటరు అద్దె కట్టలేక ఖాళీ చేశారు. పాఠాలన్నీ వీడియోలుగా తీసి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టారు. నిలదొక్కుకున్నాక చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టారు. ఆ లెక్కలు నేను చూస్తుంటాను. కిందటేడు ఒకరోజు ఫోన్ చేసి, "మా పాత స్టూడెంట్లు, ఇద్దరు యూట్యూబర్లు కోర్సు అమ్మిపెడతాం, కమిషన్ ఇవ్వండి అంటున్నారండీ. నలభై శాతం ఇచ్చేద్దామనుకుంటున్నా. బయట అందరూ అంతే ఇస్తున్నారట" అన్నారు.

"ఇద్దురుగాని. ముందు ఒక కోర్సు అమ్మితే మీ చేతికి ఎంత మిగులుతుందో కాగితం మీద వేద్దాం" అన్నాను.

ఆమె పెట్టాలనుకున్నదాన్నే అఫిలియేట్ ప్రోగ్రామ్ అంటారు. అమ్మిపెట్టే ప్రతి ఒక్కరికీ ఒక లింకో కూపన్ కోడో ఇస్తారు. దాని ద్వారా ఎవరైనా కొంటే వాళ్లకు వాటా వెళుతుంది. అమెజాన్ 1996లోనే పుస్తకాల కోసం ఈ పద్ధతి మొదలుపెట్టింది. బియ్యం బస్తా అమ్మితే మిల్లు ధర, లారీ కిరాయి కళ్లకు కనిపిస్తాయి కాబట్టి కమిషన్ ఎంత ఇవ్వవచ్చో వ్యాపారికి వెంటనే తెలుస్తుంది. వీడియో పాఠానికి అలా కాదు. ఒకసారి తీసిన పాఠం ఎంతమందికి అమ్మినా అరగదు కాబట్టి వచ్చిందంతా లాభమే అనిపిస్తుంది. నలభై, యాభై శాతాలు నోటికి తేలిగ్గా వచ్చేది అందుకే.

చేతికి మిగిలేది ఎంత?

ఆమె కోర్సు ధర 5,900 రూపాయలు. అందులో 900 జీఎస్టీ. అది ప్రభుత్వానిది, ఆమె దగ్గర కొన్నాళ్లు ఉండి వెళ్లిపోతుంది. కాబట్టి అసలు అమ్మకం 5,000. పేమెంట్ గేట్‌వే వాళ్లు మొత్తం మీద 2 శాతం, అంటే 118 రూపాయలు పట్టుకుంటారు. సందేహాలు తీర్చడానికి ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తారు. వాళ్ల జీతాలు, వీడియోలు ఉంచే సర్వరు ఖర్చు, సర్టిఫికెట్, అన్నీ కలిపి విద్యార్థికి 600 పడుతోందని ఆమె ఖాతాలే చెబుతున్నాయి. ఇవన్నీ పోగా 4,282 మిగులుతుంది.

నలభై శాతం అంటే దేని మీద అని అడిగితే, "5,900 మీదే కదండీ" అన్నారు. అంటే 2,360. ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను మీద కూడా కమిషన్ ఇస్తున్నట్టు. పైగా అఫిలియేట్ కోడ్ వాడిన విద్యార్థికి 10 శాతం తగ్గింపు కూడా ఇవ్వాలనుకున్నారు. అప్పుడు ధర 5,310కి, జీఎస్టీ తీసేస్తే 4,500కి దిగుతుంది. గేట్‌వేకి 106, విద్యార్థి మీద ఖర్చు 600 పోగా మిగిలేది 3,794. అందులోంచి 5,310 మీద నలభై శాతం, అంటే 2,124 తీసేస్తే ఆమెకు దక్కేది 1,670. పాఠం చెప్పింది ఆమె, ఏటా మారే జీఎస్టీ నిబంధనలకు తగ్గట్టు మళ్లీ రికార్డు చేసేది ఆమె. లింకు పంపినవారికి మాత్రం ఆమె కంటే ఎక్కువ వస్తుంది.

అందుకే మొదటి నియమం ఇలా రాసుకున్నాం: కమిషన్ ఎప్పుడూ తగ్గింపు, జీఎస్టీ రెండూ తీసేసిన మొత్తం మీదే. ఇది ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే మొదటి నెలలోనే గొడవ వస్తుంది. అఫిలియేట్ 5,900ని మనసులో పెట్టుకుని లెక్కవేసుకుంటాడు, అమ్మేవారు 4,500 మీద ఇస్తారు. ఇద్దరూ తమను మోసం చేశారనే అనుకుంటారు.

రేటు ఎక్కడ ఆగాలి?

మిగిలే డబ్బు తెలిసినంత మాత్రాన రేటు తేలదు. ఆ విద్యార్థి ఇంకో దారిలో వస్తే ఎంత ఖర్చయ్యేదో కూడా తెలియాలి. ఆమె అప్పటికే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రకటనలు ఇస్తున్నారు. మూడు నెలల్లో 1,02,000 ఖర్చు పెడితే 60 మంది చేరారు. అంటే మనిషికి 1,700. అఫిలియేట్ ద్వారా వచ్చే విద్యార్థికి అంతకు మించి పెడితే ప్రకటనలే నయం. కూపన్ తగ్గింపు కూడా ఖర్చే కాబట్టి 500 అటు పోతుంది. 4,500 మీద 20 శాతం కమిషన్ 900. రెండూ కలిపి 1,400. గీత కింద ఉన్నాం, బాగానే ఉంది అనిపించింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కోడ్ వాడిన పది మందిలో నలుగురు ఎలాగూ చేరేవాళ్లే అనుకుందాం. అప్పటికే ఆమె ఉచిత డెమో క్లాసు విని, ఫీజు కట్టబోతూ "ఏదైనా కోడ్ దొరుకుతుందా" అని వెతికి ఉంటారు. పది మందికీ కలిపి పెట్టిన ఖర్చు 14,000. నిజంగా కొత్తగా వచ్చింది ఆరుగురే. అప్పుడు ఒక్కో కొత్త విద్యార్థికి పడింది 2,333. కాగితం మీద 1,400 అని కనిపిస్తున్నా ఆమె ప్రకటనల కంటే ఎక్కువ ఇస్తున్నట్టే. కమిషన్ రేటు రెండు శాతం అటూ ఇటూ అయినా ఇంత తేడా రాదు. ఎలాగూ వచ్చేవాళ్లకు కూడా డబ్బు ఇస్తున్నామా అన్నదే లెక్కను తలకిందులు చేసేది. ప్రోగ్రామ్‌లో రాసే ప్రతి నియమం, చేసే ప్రతి తనిఖీ చివరికి ఒకే ప్రశ్న అడుగుతాయి. ఈ విద్యార్థిని నిజంగా ఈ మనిషే తెచ్చాడా?

ఎక్కువ అమ్మేవాళ్లకు ఎక్కువ ఇవ్వాలన్నది న్యాయమే. నెలకు పది అమ్మకాల వరకు 20 శాతం, ఆపైన 25 శాతం అని పెట్టాం. ఇందులో ఒక గుంట ఉంది. పదకొండో అమ్మకం జరగగానే మొత్తం పదకొండింటికీ 25 శాతం ఇస్తామంటే ఏమవుతుందో చూడండి. పది అమ్మితే 9,000 వస్తుంది. పదకొండు అమ్మితే 12,375. ఆ ఒక్క అమ్మకం విలువ 3,375! నెలాఖరున పది దగ్గర ఆగిపోయినవాడికి బావమరిది పేరు మీద ఒక కోర్సు కొనాలనిపించడంలో వింతేముంది? అందుకే 25 శాతం పదకొండో అమ్మకం నుంచి మాత్రమే వర్తిస్తుంది. ముందు పదికీ 900 చొప్పునే, తరువాతివాటికి 1,125 చొప్పున. దొంగతనం జరిగాక పట్టుకునేకంటే దొంగకు లాభం లేకుండా రేటు వేయడం చవక.

లింకా, కోడా?

అఫిలియేట్ లింకు చివర అతని గుర్తు ఉంటుంది. విద్యార్థి దాన్ని నొక్కగానే అతని బ్రౌజరులో కుకీ అనే చిన్న చీటీ పడుతుంది. ఫలానావాడు పంపాడు అని దాని మీద రాసి ఉంటుంది. ముప్పై రోజుల్లో కొంటే ఆ చీటీ చూసి కమిషన్ ఇస్తారు. చెప్పడానికి తేలికే, మన దగ్గర ఈ చీటీ తరచూ పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో లింకు నొక్కితే పేజీ ఆ యాప్ లోపలి బ్రౌజరులో తెరుచుకుంటుంది, చీటీ అక్కడే పడుతుంది. రాత్రి అన్నయ్యనో నాన్ననో అడిగి క్రోమ్‌లోనో, ఇంట్లో కంప్యూటరులోనో ఫీజు కడతారు. అక్కడ చీటీ ఉండదు. ఐఫోన్ వాడేవాళ్ల సఫారీ బ్రౌజరైతే పేజీలోని స్క్రిప్టు పెట్టిన కుకీలను ఏడు రోజులకే చెరిపేస్తుంది. మనం ముప్పై రోజులని ఒప్పందంలో రాసినా ఆ ఫోన్‌లో అది వారమే.

కోడ్‌కు ఈ ఇబ్బంది లేదు. విద్యార్థే టైపు చేస్తాడు. అందుకే కోడ్ ఉంటే కోడ్‌దే మాట, కోడ్ లేకపోతే చివరిగా నొక్కిన లింకుదే మాట అని నిర్ణయించాం. కోడ్‌కు ఉన్న జబ్బు వేరు, అది పాకుతుంది. ఫీజు కట్టే పేజీలో పెద్దగా "కూపన్ కోడ్" అని ఖాళీ గడి కనిపిస్తే, తన దగ్గర కోడ్ లేని విద్యార్థి కూడా పేజీ వదిలి గూగుల్‌లో వెతుకుతాడు. కూపన్లు పోగుచేసే సైట్లలో ఎవరిదో కోడ్ దొరుకుతుంది. ఆ కోడ్ యజమాని ఏమీ చేయకుండానే కమిషన్ అందుకుంటాడు. ఆమె పేజీలో ఆ గడిని తీసేసి "కోడ్ ఉందా?" అని చిన్న అక్షరాలు పెట్టాం, నొక్కితేనే గడి తెరుచుకుంటుంది. ప్రతి కోడ్‌నూ అఫిలియేట్ పేరుతో ఇచ్చి, కూపన్ సైట్లలో కనిపిస్తే రద్దు చేసి కొత్తది ఇస్తామని రాశాం.

చీటీ ఉన్నంత మాత్రాన మనిషిని తెచ్చినట్టు కాదనడానికి అమెరికాలో పెద్ద కేసే ఉంది. ఈబే సంస్థకు అఫిలియేట్లుగా ఉన్న షాన్ హోగన్, బ్రయాన్ డనింగ్ అనే ఇద్దరు, తమ పేజీలూ విడ్జెట్లూ చూసినవాళ్ల బ్రౌజర్లలోకి వాళ్లు ఏమీ నొక్కకుండానే ఈబే కుకీలు దింపారు. వాళ్లలో ఎవరైనా తరువాత తమంతట తాము ఈబేలో ఏదైనా కొంటే కమిషన్ వీళ్లకు వెళ్లేది. దీన్ని కుకీ స్టఫింగ్ అంటారు. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. 2014లో హోగన్‌కు ఐదు నెలలు, డనింగ్‌కు పదిహేను నెలలు జైలుశిక్ష పడింది. అంత పెద్ద సంస్థ కూడా అమ్మకాలు పెరుగుతున్నాయనే అనుకుని డబ్బు చెల్లించింది. చిన్నవాళ్లు దీన్ని పసిగట్టే గుర్తు ఒకటుంది. ఒకరి లింకు మీద నొక్కులు వేలల్లో ఉండి అమ్మకాలు ఒకటో రెండో ఉన్నా, లేదా అందరికీ వందలో ఇద్దరు కొంటుంటే ఒకరికి మాత్రం నలభై మంది కొంటున్నా ఆగి చూడాలి.

డబ్బు చేతికి ఎప్పుడు?

మొదట్లో ఆమె అమ్మకం జరిగిన మూడో రోజే కమిషన్ వేసేద్దామనుకున్నారు. "పిల్లలు సంతోషిస్తారు" అన్నారు. కానీ ఆమె కోర్సుకు ఏడు రోజుల రిఫండ్ ఉంది. మూడో రోజున కమిషన్ ఇచ్చి ఆరో రోజున ఫీజు వెనక్కి ఇస్తే, గేట్‌వే ఫీజూ కమిషనూ రెండూ పోయినట్టే. అందుకే జులైలో జరిగిన అమ్మకాలకు సెప్టెంబరు 10న చెల్లింపు అని పెట్టాం. రిఫండ్ గడువు దాటుతుంది, తనిఖీకి నెల రోజులు దొరుకుతాయి. కార్డుతో కట్టినవాళ్లు ఆ తరువాత కూడా బ్యాంకులో ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అలా జరిగితే తరువాతి నెల కమిషన్‌లో సర్దుబాటు చేస్తామని ముందే రాశాం. ఆలస్యానికి బదులుగా అఫిలియేట్‌కు ఒక పేజీ ఇచ్చాం. అందులో ప్రతి అమ్మకం పక్కన పరిశీలనలో ఉంది, ఖాయమైంది, చెల్లించాం అని కనిపిస్తుంది. ఆలస్యాన్ని జనం ఓర్చుకుంటారు, అయోమయాన్ని ఓర్చుకోరు.

పన్ను సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కమిషన్ మీద టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 2 శాతం. 2025 ఏప్రిల్ నుంచి ఒకరికి ఏడాదిలో ఇచ్చింది 20,000 దాటితేనే పట్టుకోవాలి. దాటాక మొత్తం మీద పట్టుకోవాలి. ఉదాహరణకు ఒకరికి ముందు 18,000, తరువాత 4,500 ఇస్తే మొత్తం 22,500 మీద 450 రూపాయలు రెండో చెల్లింపులో తగ్గించాలి. అమ్మేది కంపెనీయో భాగస్వామ్య సంస్థో అయితే ఈ బాధ్యత మొదటి ఏడాది నుంచే ఉంటుంది. సొంత పేరు మీద వ్యాపారం చేసుకునేవారికైతే అంతకుముందు ఏడాది టర్నోవరు కోటి రూపాయలు, వృత్తి ఆదాయమైతే 50 లక్షలు దాటి ఉంటేనే. పాన్ ఇవ్వనివారికి 20 శాతం పట్టుకోవాలి కాబట్టి చేరేటప్పుడే పాన్ అడుగుతాం. అది పన్నుతో పాటు ఇంకో పనికీ వస్తుంది. ఒక పాన్‌కు ఒకే అఫిలియేట్ ఖాతా, బ్యాంకు ఖాతా కూడా అదే పేరు మీద అంటే, మూడు పేర్లతో మూడు ఖాతాలు తెరిచేవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారు.

ఇరవై మూడు ఆర్డర్లు

ప్రోగ్రామ్ మొదలైన రెండో నెలలో ఒక కుర్రాడు ఏకంగా 23 కోర్సులు అమ్మాడు. డిజిటల్ మార్కెటింగ్ నేర్చుకున్నానని చెప్పి చేరాడు. మొదటి పదికి 9,000, మిగతా పదమూడుకి 14,625, మొత్తం 23,625 రావాలి. మేడం ఆనందపడ్డారు. ఆ నెల ఆమె మొత్తం అమ్మకాలు మాత్రం అంతకుముందు నెలతో సమానంగానే ఉన్నాయి. 23 మంది కొత్తగా వస్తే మొత్తం పెరగాలి కదా? ఆ అనుమానంతోనే ఒక సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆర్డర్ల షీటు తెరిచాం.

ప్రతి ఆర్డరుకూ కొన్ని సంగతులు వరసగా పెట్టుకున్నాం. లింకు నొక్కిన సమయం, ఫీజు కట్టిన సమయం, మొదట తెరిచిన పేజీ పూర్తి చిరునామా, ఫోన్ నంబరు, డబ్బు వచ్చిన యూపీఐ ఐడీ, మొదటి పాఠం చూసిన తేదీ. ఇవన్నీ పేమెంట్ గేట్‌వే రిపోర్టులోనూ కోర్సు సైటు రిపోర్టులోనూ ఉండేవే. ఖరీదైన సాఫ్ట్‌వేరేమీ అక్కర్లేదు.

మామూలుగా ఒక యూట్యూబరు వీడియో చూసి వచ్చినవాళ్లు పేజీ అంతా చదువుతారు, డెమో చూస్తారు, కొందరు రెండు మూడు రోజుల తరువాత కడతారు. ఈ కుర్రాడి 23లో తొమ్మిది ఆర్డర్లు లింకు నొక్కిన రెండు మూడు నిమిషాల్లోనే పూర్తయ్యాయి. ముందే నిర్ణయించుకుని వచ్చినవాళ్ల తీరు అది. ఆ తొమ్మిదింటి చిరునామాలూ ఇలా ఉన్నాయి:

```
https://example.com/tally?ref=K117&gclid=EAIaIQ...
```

`ref` అతని గుర్తు. `gclid` అనేది గూగుల్ ప్రకటన మీద నొక్కి వచ్చినవాళ్ల చిరునామాకు గూగుల్ తగిలించే తోక. అంటే అతను గూగుల్‌లో ప్రకటన ఇచ్చాడు. దేనికి ఇచ్చాడు? మేడం పేరు, పక్కన ట్యాలీ కోర్సు అని వెతికేవాళ్లకు. వాళ్లు ఆమెను వెతుక్కుంటూ వస్తున్నవాళ్లే. ఇంటి గుమ్మం దాకా వచ్చిన చుట్టాన్ని వాకిట్లో పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, నేనే తెచ్చానన్నట్టు. మేడం తన ఫోన్‌లో వెతికితే ఆ ప్రకటన కనిపించలేదు. ప్రకటన ఇచ్చేవాళ్లు ఒక ఊరిని మినహాయించే వీలు గూగుల్‌లో ఉంది. హైదరాబాద్‌లో ఉన్న ఆమె చెల్లెలితో వెతికిస్తే మొదటి వరసలోనే కనిపించింది. గూగుల్ 2023లో తెచ్చిన యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో మన సైటు పేరు కొట్టినా అలాంటి ప్రకటనలు బయటపడవచ్చు.

మిగతా పద్నాలుగు చూద్దామని యూపీఐ ఐడీల వరస పక్కన ఎక్సెల్‌లో ఈ చిన్న ఫార్ములా పెట్టాం. ఒకే ఐడీ నుంచి ఎన్ని చెల్లింపులు వచ్చాయో చెబుతుంది.

```
=COUNTIF($F$2:$F$500,F2)
```

అన్నిచోట్లా 1 వస్తే ఐదు చోట్ల మాత్రం 5 వచ్చింది. ఐదుగురు విద్యార్థులు, ఐదు ఫోన్ నంబర్లు, ఒకే యూపీఐ ఐడీ. అది ఆ కుర్రాడిదే. సొంతంగా కొనుక్కున్నాడేమో అనుకున్నాం, కానీ ఐదుగురూ పాఠాలు శ్రద్ధగా చూస్తున్నారు. నిజమైన విద్యార్థులే. ఆ నంబర్లను మేడం డెమో క్లాసు వాట్సాప్ గ్రూపులో వెతికితే ఐదూ దొరికాయి. ఒకమ్మాయికి ఫోన్ చేస్తే విషయం చెప్పేసింది. "మేడం, గ్రూపులో ఒకన్నయ్య విడిగా మెసేజ్ పెట్టాడు. 5,310 ఎందుకు, నాకు 4,500 ఇవ్వండి, నేను చేర్పిస్తా అన్నాడు."

అతని లెక్క ఇది. విద్యార్థి దగ్గర 4,500 తీసుకుంటాడు. తన కోడ్‌తో 5,310 కట్టి చేర్పిస్తాడు. కమిషన్ 1,125 వస్తుంది కాబట్టి అతనికి నిజంగా పడేది 4,185. మనిషికి 315 మిగులుతుంది. మేడం వైపు చూస్తే, వాళ్లు తమంతట తాము చేరితే జీఎస్టీ పోగా 5,000 వచ్చేది. ఇప్పుడు 4,500లోంచి 1,125 పోయి 3,375 వచ్చింది. అతనికి 315 మిగలడానికి ఆమెకు 1,625 పోయింది. అదీ ఆమె డెమో క్లాసులో కూర్చున్న పిల్లల మీద.

ఆ తరువాతే ఇంకో నియమం చేర్చాం. గత 90 రోజుల్లో డెమో క్లాసుకు పేరు ఇచ్చినవాళ్లు ఎవరి కోడ్‌తో చేరినా కమిషన్ సగమే. పూర్తిగా తీసేయలేదు. ఊగిసలాడుతున్న విద్యార్థిని ఒప్పించడం కూడా పనే. కానీ కమిషన్ 562కు దిగాక పై బేరంలో మిగిలేదేమీ లేదు. 5,310 కట్టి 562 తెచ్చుకుంటే 4,748 పడుతుంది, 4,500కు అమ్మితే నష్టమే.

తప్పుపట్టే ముందు

ఇదే ఫార్ములా ఇంకో అఫిలియేట్ దగ్గర 7 చూపించింది. ఏడు చెల్లింపులూ ఒకే యూపీఐ నుంచి, ఒకే మధ్యాహ్నం వచ్చాయి. ఏడుగురి ఇంటర్నెట్ చిరునామా కూడా ఒకటే. మేడం ముఖం మారిపోయింది. "ఈయన ఖాతా కూడా ఆపేద్దామా?" అన్నారు.

ఆపకుండా ముందు విద్యార్థులకు ఫోన్ చేయమన్నాను. ఆయన ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరరు. బీకాం ఫైనలియర్ పిల్లల దగ్గర నగదు పోగుచేసి తన ఫోన్ నుంచి కట్టారు. పిల్లల్లో చాలామందికి అంత డబ్బు యూపీఐలో లేదు. ఏడుగురిలో ఒక్కరి నంబరూ మేడం డెమో జాబితాలో లేదు. ఆయన చెప్పకపోతే వాళ్లకు ఈ కోర్సు ఉన్నట్టే తెలియదు. మొబైల్ డేటా వాడేవాళ్ల ఇంటర్నెట్ చిరునామాను మన దేశంలో అసలు సాక్ష్యంగానే తీసుకోకూడదు. జియో లాంటి కంపెనీలు ఒకే బయటి చిరునామాను ఎంతోమంది చందాదారులకు పంచుతాయి. సంబంధం లేని ఇద్దరు ఒకే చిరునామాలో కనిపించవచ్చు. విదేశాల్లో తయారైన అఫిలియేట్ సాఫ్ట్‌వేరు కొన్నిసార్లు దీన్నే మోసంగా లెక్కించి ఆర్డరును దానంతట అదే కొట్టేస్తుంది. ఆ మీట ఆపేయడం మంచిది.

అందుకే గుర్తు వేరు, రుజువు వేరు అని పెట్టుకున్నాం. ఒకే యూపీఐ, నిమిషాల్లో కొనుగోలు, పాఠాలు తెరవకపోవడం, ఇవన్నీ గుర్తులు. వీటిలో రెండు కలిస్తే ముగ్గురు విద్యార్థులకు ఫోన్ చేస్తారు. అడిగేది ఒక్కటే: "ఈ కోర్సు గురించి మీకు ఎలా తెలిసింది?" మోసం అని నేరుగా అడిగితే ఎవరూ చెప్పరు. ఈ ప్రశ్నకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

రాసి ఉంటేనే నియమం

కుర్రాడిని పిలిపించి షీటు చూపించాం. "అమ్మాను కదా మేడం, తప్పేముంది?" అన్నాడు. ఆ ఐదింటి మీద మేడం గట్టిగా నిలబడ్డారు. ఇతరుల కోసం తన కోడ్‌తో కొనాలంటే ముందు చెప్పాలని ఒప్పందంలో ఉంది. లెక్చరరుగారు పిల్లల జాబితాతో ముందురోజే మెసేజ్ పెట్టారని తరువాత బయటపడింది, దాన్ని మేడమే చూసుకోలేదు. కుర్రాడు మాత్రం ఎవరికీ చెప్పలేదు. కానీ ఆమె పేరు మీద గూగుల్ ప్రకటనలు ఇవ్వకూడదని మేం ఎక్కడా రాయలేదు. రాయని నియమం కింద డబ్బు ఆపడం కుదరదని నేనన్నాను. 18 అమ్మకాలకు 18,000 చెల్లించారు. మరునాడే ఒప్పందంలో ఆ వాక్యం చేరింది: టీచరు పేరు, కోర్సు పేరు, వాటి తప్పు స్పెల్లింగులు, వేటి మీదా ప్రకటన ఇవ్వరాదు.

ఇంకో రెండు వాక్యాలు మొదటి రోజు నుంచే ఉన్నాయి. ఒకటి, అఫిలియేట్ కావడానికి కోర్సు కొనక్కర్లేదు, ఇంకొకరిని అఫిలియేట్‌గా చేర్పించినందుకు పైసా రాదు. చేర్పించినవాడి మీద, వాడు చేర్పించినవాడి మీద వాటాలు పెడితే అది పాఠాల అమ్మకం కాదు, గొలుసు. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఇలాంటివాటి కోసమే వచ్చింది. రెండోది, ఈ లింకుతో కొంటే నాకు కమిషన్ వస్తుందని వీడియోలోనో పోస్టులోనో తెలుగులో స్పష్టంగా చెప్పాలి. డబ్బు సంబంధం దాచకూడదని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకు సూచనలు ఇచ్చింది. ఉద్యోగం గ్యారంటీ లాంటి మాటలు కూడా వద్దని రాశాం. కోచింగ్ ప్రకటనల్లో అలాంటి తప్పుడు హామీల మీద 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. మాట అన్నది అఫిలియేట్ అయినా, విద్యార్థి వచ్చి నిలదీసేది టీచరునే.

ఇప్పుడు ఆమె చేరిక ఫారంలో ఫోన్ నంబరు తరువాత ఒక గడి ఉంది: "ఎలా తెలిసింది?" తప్పనిసరి కాదు, అయినా చాలామంది నింపుతారు. కమిషన్ చెల్లించే ముందు ఆమె మొదట ఆ వరస చదువుతారు. "గూగుల్‌లో మేడం పేరు కొట్టాను" అని ఉన్నచోట ఆగుతారు. లెక్చరరుగారు పంపిన పిల్లల ఫారాల్లో దాదాపు ఒకే మాట ఉంటుంది: "మా సార్ చెప్పారు." అక్కడ ఆమె ఇంకేమీ తనిఖీ చేయరు, ఆ డబ్బు ముందు వేస్తారు.